“ఆ రోజు నీకు ఏ షిఫ్ట్?”: ఎనిమిది రోజుల రొటేషన్‌లో రాబోయే తేదీ ఎక్కడ పడుతుంది

ముహూర్తం ఆరు నెలల ముందే పెట్టుకుంటారు. షిఫ్ట్ చార్ట్ మాత్రం నోటీసు బోర్డు మీద నెలకోసారే పడుతుంది. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నవాళ్లు భూపాలపల్లి, రామగుండం, జైపూర్ వైపు ఏ కాలనీకి పోయినా కనిపిస్తారు. “ఆ రోజు నీకు ఏ డ్యూటీ ఉంటది బిడ్డా?” అని ఇంట్లో అడిగితే “చార్ట్ పడ్డంక చెప్తనే అమ్మా” అనడం అలవాటైపోయింది.

నిజానికి చార్ట్ పడేదాకా ఆగనక్కర్లేదు. ఎనిమిది రోజులకోసారి అదే వరుస తిరిగొచ్చే రొటేషన్ అయితే, ఒక్క తేదీ నాడు ఏ డ్యూటీయో తెలిస్తే చాలు, ఏడాది తర్వాతి తేదీ అయినా చెప్పొచ్చు. లెక్క అయిదో తరగతి భాగహారమే. కానీ ఆ లెక్క చేసినవాళ్లలోనూ చాలామంది ఒక రోజు అటో ఇటో తప్పుతారు. భాగహారం రాక కాదు, రోజును ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోక.

## ఎనిమిది రోజులు, నాలుగు గ్రూపులు

రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే ప్లాంట్లలో ఒక పద్ధతి ఉంది. మనిషికి రెండు రోజులు ఫస్ట్ షిఫ్ట్, రెండు రోజులు సెకండ్, రెండు రోజులు నైట్, ఆపైన రెండు ఆఫ్‌లు. మొత్తం ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు మళ్లీ ఫస్ట్ షిఫ్ట్. ఈ వ్యాసంలో వేళలు ఇలా అనుకుందాం: ఫస్ట్ పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు, సెకండ్ రెండు నుంచి రాత్రి పది, నైట్ పది నుంచి తెల్లారి ఆరు. మీ దగ్గర గంట అటూ ఇటూ ఉన్నా లెక్క మారదు.

ఈ వరుస నడవాలంటే నాలుగు గ్రూపులు కావాలి. ఎ గ్రూపు ఫస్ట్‌లో ఉన్న రోజున బి సెకండ్‌లో, సి నైట్‌లో, డి ఆఫ్‌లో ఉంటాయి. అంటే ఒక్కో గ్రూపు పక్క గ్రూపు కంటే రెండు రోజులు ముందు నడుస్తుంది. వరుస అందరిదీ ఒకటే, మొదలైన చోటు వేరు.

ఇక రోజులకు నంబర్లు ఇద్దాం. 1, 2 ఫస్ట్. 3, 4 సెకండ్. 5, 6 నైట్. 7, 8 ఆఫ్. ఈ ఎనిమిది నంబర్లు గుర్తుంటే మిగతాదంతా వాటి మీదే నడుస్తుంది. “ఫస్ట్‌లో ఉన్నా” అంటే సరిపోదు, ఫస్ట్‌లో మొదటి రోజా రెండో రోజా అన్నది తేలాలి. ఒకటికీ రెండుకీ తేడా చూడకుండా మొదలుపెట్టిన లెక్క చివర్లో ఆఫ్‌ను డ్యూటీగానో, డ్యూటీని ఆఫ్‌గానో చూపిస్తుంది.

## కావాల్సింది మిగిలిన శేషమే

భూపాలపల్లి దగ్గర ఒక ప్లాంటులో ఎ గ్రూపులో పనిచేసే ఆపరేటర్ ఉన్నాడనుకుందాం. 2026 ఆగస్టు 12, బుధవారం అతని రొటేషన్‌లో 1వ రోజు, అంటే ఫస్ట్ షిఫ్ట్ మొదటి రోజు. మాఘమాసంలో, 2027 ఫిబ్రవరి 18 గురువారం, హన్మకొండలో చెల్లెలి పెళ్లి. ఆ రోజు అతనికి ఏం పడుతుంది?

ముందు ఈ రెండు తేదీల మధ్య ఎన్ని రోజుల దూరం ఉందో చూడాలి. ఆగస్టు 12 నుంచి సెప్టెంబర్ 12కి 31 రోజులు, అక్టోబర్ 12కి మరో 30, నవంబర్ 12కి 31, డిసెంబర్ 12కి 30, జనవరి 12కి 31, ఫిబ్రవరి 12కి 31. కలిపితే 184. అక్కడి నుంచి 18కి ఇంకో ఆరు. మొత్తం 190.

190ని ఎనిమిదితో భాగిస్తే 23 సార్లు పోతుంది, శేషం 6. ఆ 23 మనకు అక్కర్లేదు. రొటేషన్ ఎన్నిసార్లు తిరిగినా బయల్దేరిన చోటికే వస్తుంది కాబట్టి, ఎన్ని చుట్లు తిరిగిందన్నది జవాబును మార్చదు. మిగిలిన ఆరు రోజులే మనిషిని ముందుకు జరుపుతాయి. 1వ రోజు నుంచి ఆరు ముందుకు వేస్తే 7. అంటే మొదటి ఆఫ్.

ఇంట్లో అందరూ సంతోషపడే జవాబే. కానీ ఇది పూర్తి జవాబు కాదు, ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

## నెలల మీద వెనక్కి నడిచే దారి

190 లాంటి పెద్ద అంకె తియ్యకుండానే నోటి లెక్కతో అక్కడికి చేరే దారి ఒకటుంది. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు ఇదే నచ్చుతుంది.

31 రోజుల నెలను చూడండి. నాలుగు ఎనిమిదులు 32. అంటే 31 రోజులు గడిస్తే నాలుగు చుట్లు పూర్తి కావడానికి ఒక రోజు తక్కువ పడింది. కాబట్టి 31 రోజుల నెల దాటితే వచ్చే నెల అదే తేదీకి రొటేషన్ నంబరు ఒకటి వెనక్కి పోతుంది. 30 రోజుల నెల దాటితే రెండు వెనక్కి. 28 రోజుల ఫిబ్రవరి దాటితే నాలుగు వెనక్కి. లీపు సంవత్సరంలో ఫిబ్రవరికి 29 రోజులు కాబట్టి మూడే వెనక్కి. అలాంటిది ఇక వచ్చేది 2028లో. 1 నుంచి ఒకటి వెనక్కి పోతే 8 అని గుర్తుంటే చాలు.

పై ఉదాహరణనే ఇలా నడిపిద్దాం. ఆగస్టు 12 నాడు 1. ఆగస్టుకు 31 రోజులు కాబట్టి సెప్టెంబర్ 12 నాడు 8. సెప్టెంబర్‌కు 30, అక్టోబర్ 12 నాడు 6. నవంబర్ 12 నాడు 5. నవంబర్‌కు 30, డిసెంబర్ 12 నాడు 3. జనవరి 12 నాడు 2. ఫిబ్రవరి 12 నాడు 1. ఆరు నెలలు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాం. అక్కడి నుంచి 18కి ఆరు ముందుకు, 7. రెండు దారులూ ఒకే జవాబిచ్చాయి.

వెనక్కి లెక్కించడం కూడా ఇంతే. తెలంగాణ ఆవిర్భావ దినోత్సవం, 2027 జూన్ 2 ఎలా పడుతుందో చూడాలంటే ఫిబ్రవరి 12 నుంచి సాగుదాం. మార్చి 12 నాడు నాలుగు వెనక్కి పోయి 5. ఏప్రిల్ 12 నాడు 4, మే 12 నాడు 2, జూన్ 12 నాడు 1. జూన్ 2 దానికి పది రోజుల ముందు. పదిలో ఎనిమిది ఒక పూర్తి చుట్టు, మిగిలింది రెండు. 1 నుంచి రెండు వెనక్కి వేస్తే ముందు 8, తర్వాత 7. మళ్లీ ఆఫే.

ఏడాదికి 365 రోజులు, ఎనిమిదితో భాగిస్తే శేషం 5. అందుకే ఈ ఆగస్టు 12 నాడు 1 ఉన్నవాడికి వచ్చే ఆగస్టు 12 నాడు 6 పడుతుంది. “పోయిన దసరాకు ఆఫ్ దొరికింది, ఈసారీ దొరుకుతుంది” అనే లెక్క నిలవకపోవడానికి ఇది ఒక కారణం. దసరా తేదీ కూడా ఏటా మారుతుంది కాబట్టి పాత ఏడాదితో పోల్చడం మానేసి ఆ తేదీకి విడిగా లెక్క వేసుకోవడమే మేలు.

## మొదటి రోజును లెక్కలో కలపాలా?

ఎక్కువ మంది జారిపడేది ఇక్కడే. క్యాలెండర్ మీద వేలు పెట్టి ఆగస్టు 12ను “ఒకటి” అంటూ మొదలుపెడితే ఫిబ్రవరి 18 దగ్గర 191 వస్తుంది. దూరం మాత్రం 190.

ఇందులో తప్పు పట్టాల్సింది లేదు, మన ఇళ్లలో రోజులు లెక్కపెట్టే తీరే అది. ఇరవై ఒకటో రోజు పేరు పెట్టాలంటే పుట్టిన రోజును ఒకటిగా పట్టుకుంటాం. అంటే పుట్టిన తేదీకి ఇరవై కలిపితే ఆ రోజొస్తుంది, ఇరవై ఒకటి కలిపితే కాదు. దినకర్మలకూ అంతే. ఆ లెక్కలో నిలబడి ఉన్న రోజు కూడా ఒకటి. షిఫ్ట్ లెక్కలో మాత్రం నిలబడి ఉన్న రోజు సున్నా, వేసే అడుగులే లెక్కలోకి వస్తాయి.

రెండూ సరైన పద్ధతులే, కలిపేస్తేనే గొడవ. కొందరు 191 అనే లెక్కపెట్టి, శేషం 7 వస్తే “ఏడో రోజు” అని నేరుగా చెప్తారు. వాళ్ల జవాబు కూడా సరైనదే, కాకపోతే ఆ పద్ధతి మొదటి తేదీ నాడు 1 పడినప్పుడే పని చేస్తుంది, శేషం సున్నా వస్తే 8 అనుకోవాలి. 191 లెక్కపెట్టి మళ్లీ 1కి ఏడు కలిపేవాళ్లు మాత్రం 8 దగ్గర తేలుతారు. రెండో ఆఫ్ అనుకుని నిశ్చింతగా ఉంటారు.

తప్పిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మీ పద్ధతిలో రేపటి తేదీ వేసి చూడండి, ఇవాళ్టి నంబరు కంటే ఒకటి ఎక్కువ రావాలి, ఇవాళ 8 అయితే రేపటికి 1 రావాలి. ఎనిమిది రోజుల తర్వాతి తేదీ వెయ్యండి, ఇవాళ్టి నంబరే రావాలి. రెండూ సరిగ్గా వస్తే ఏడాది తర్వాతి తేదీకీ అదే పద్ధతి నమ్మొచ్చు. బోర్డు మీద ఈ నెల చార్ట్ ఎలాగూ ఉంటుంది కాబట్టి నెలాఖరు తేదీతో కూడా ఒకసారి సరిపోల్చుకుంటే ఇంకా మంచిది.

## “తెల్లవారితే గురువారం” అన్నప్పుడు

ఇప్పుడు పెళ్లి దగ్గరికి వద్దాం. ఫిబ్రవరి 18 అతనికి 7వ రోజు, మొదటి ఆఫ్. పత్రిక చేతికొచ్చింది. అందులో ఇలా ఉంది: “17-02-2027 బుధవారం రాత్రి 4-12 నిమిషాలకు, తెల్లవారితే గురువారం”.

ఫోన్‌లో చూస్తే ఆ ఘడియ 18వ తేదీ. అతను లెక్కవేసిందీ 18కే. ఆఫ్ వచ్చింది. కానీ 17 నాడు అతనిది 6వ రోజు, నైట్ షిఫ్ట్ రెండో రోజు. ఆ నైట్ 17 రాత్రి పదికి మొదలై 18 పొద్దున ఆరుకు ముగుస్తుంది. నాలుగుంబావుకు పందిట్లో జీలకర్ర బెల్లం పెడుతున్నప్పుడు అన్న ప్లాంటులో రీడింగులు రాసుకుంటూ ఉంటాడు. అతని ఆఫ్ మొదలయ్యేది ఆరు దాటాక.

పంచాంగం రోజును సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా పట్టుకుంటుంది. షిఫ్ట్ రిజిస్టర్ కూడా దాదాపు అంతే, ఆరు నుంచి ఆరు. రాత్రి పన్నెండుకు తేదీ మార్చేది ఫోనూ గోడ మీది క్యాలెండరూ. కాబట్టి ముహూర్తం అర్ధరాత్రి దాటి తెల్లారకముందు ఉంటే, పత్రికలో మొదట రాసిన వారానికే, అంటే ఇక్కడ బుధవారానికే, లెక్క వెయ్యాలి. 18 కాదు, 17. దూరం 189, శేషం 5, రోజు 6. నైట్.

అన్ని ప్లాంట్లూ నైట్‌ను మొదలైన తేదీ కిందే రాస్తాయని మాత్రం అనుకోవద్దు. కొన్ని చోట్ల నైట్ డ్యూటీని అది ముగిసే తేదీ కింద వేసే అలవాటు ఉంటుంది, ముఖ్యంగా నైట్ పన్నెండు గంటలకు మొదలయ్యే చోట. అక్కడ “18 నైట్” అంటే 17 అర్ధరాత్రి దాటాక మొదలై 18 పొద్దునకు అయిపోయేది. మీ దగ్గర ఏ పద్ధతో తెలుసుకోవడం తేలిక: మీరు ఈ మధ్య చేసిన చివరి నైట్ తీసుకుని, దాన్నుంచి ఏ తేదీ పొద్దున ఇంటికొచ్చారో గుర్తు తెచ్చుకుని, చార్ట్‌లో ఆ డ్యూటీ ఏ గడిలో ఉందో చూడండి. ఇంటికొచ్చిన తేదీకి ముందు గడిలో ఉంటే మొదలైన తేదీ పద్ధతి. అదే గడిలో ఉంటే ముగిసే తేదీ పద్ధతి.

పనిలో పనిగా ఇంకొకటి. రెండు ఆఫ్‌లు అంటే నలభై ఎనిమిది గంటల ఖాళీ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. చార్ట్ ప్రకారం 7వ రోజు పొద్దున ఆరుకు నైట్ దిగి, 9వ రోజు, అంటే మళ్లీ 1వ రోజు పొద్దున ఆరుకు ఫస్ట్ ఎక్కాలి. గంటలు నలభై ఎనిమిదే, కానీ వాటిలో మొదటి పూట నిద్రకూ, చివరి రాత్రి తొందరగా పడుకోవడానికీ పోతాయి. ఊరికి పోయి రావాలనుకునేవాళ్లు ఈ రెండూ తీసేసి చూసుకోవాలి.

## మార్చుకోవాలంటే ఎవరిని అడగాలి

చెల్లెలి పెళ్లికి ఆ నైట్ తప్పించుకోవాలి. సెలవు దొరికితే సరే. లేకపోతే ఎవరితోనైనా మార్చుకోవాలి. ఇక్కడా అవే నంబర్లు పనికొస్తాయి.

17 నాడు ఎ గ్రూపుది 6వ రోజు. గ్రూపులు రెండేసి రోజుల తేడాతో నడుస్తాయి కాబట్టి బిది 8, సిది 2, డిది 4. ఎవరైనా ముందు బి గ్రూపు దోస్తునే అడుగుతారు, ఆఫ్‌లో ఉన్నాడు కదా అని. కానీ అతను 18 పొద్దున ఆరుకు ఫస్ట్ షిఫ్ట్ ఎక్కాలి. నైట్ చేసి దిగే వేళకు తనను తానే రిలీవ్ చేసుకోవాల్సి వస్తుంది, ఏకబిగిన పదహారు గంటలు. డి గ్రూపతను సెకండ్ షిఫ్ట్ చేసి పదికి దిగుతాడు, అతను ఆగిపోయినా డబుల్ డ్యూటీయే.

కుదిరేది సి గ్రూపతనితో. అతను 17 మధ్యాహ్నం రెండుకు ఫస్ట్ దిగుతాడు, ఎనిమిది గంటలు విశ్రాంతి తీసుకుని పదికి నైట్ ఎక్కగలడు, 18 నాడు అతనికి సెకండ్ కాబట్టి మళ్లీ ఎనిమిది గంటల వ్యవధి ఉంది. అలసటే, కానీ వరుసగా రెండు డ్యూటీలు పడవు. ఆఫ్‌లో ఉన్నవాడి కంటే డ్యూటీలో ఉన్నవాడు మేలైన చోటు ఇది. ప్లాంటు ఒప్పుకుంటుందా లేదా అన్నది షిఫ్ట్ ఇన్‌చార్జ్ మాట.

## ఆదివారం ఆఫ్ ఎప్పుడెప్పుడు

వారానికి ఏడు రోజులు, రొటేషన్‌కు ఎనిమిది. ఆ ఒక్క రోజు తేడా వల్లే ఆఫ్‌లు వారంలో ఒకే రోజు మీద నిలవవు, చుట్టుకోసారి ఒక రోజు ముందుకు జరుగుతాయి. మన ఆపరేటర్ ఆఫ్‌లు చూడండి: ఆగస్టు 18, 19 మంగళ, బుధ. తర్వాతవి 26, 27 బుధ, గురు. ఆపైన సెప్టెంబర్ 3, 4 గురు, శుక్ర.

ఏడూ ఎనిమిదీ కలిసి మళ్లీ మొదటికి రావడానికి 56 రోజులు పడుతుంది. అంటే ఎనిమిది వారాలు, ఏడు చుట్లు. ఆ ఎనిమిది వారాల్లో ఎనిమిది ఆదివారాలుంటాయి, ఒక్కో ఆదివారం ఒక్కో నంబరు మీద పడుతుంది. వారం గడిస్తే నంబరు ఒకటి తగ్గుతుంది కాబట్టి, ఒక ఆదివారం 8 అయితే వచ్చే ఆదివారం 7, ఆపై ఆదివారం 6, అలా దిగుతూ పోతుంది. కాబట్టి ఆదివారం ఆఫ్‌లు చెదిరి రావు. వరుసగా రెండు ఆదివారాలు దొరుకుతాయి, తర్వాత ఆరు ఆదివారాలు డ్యూటీయే. ఇతనికి సెప్టెంబర్ 20, 27 ఆదివారాలు ఆఫ్. ఆ తర్వాత నవంబర్ 15, 22 దాకా ఆగాలి. శని, ఆదివారాలు రెండూ కలిసొచ్చే ఆఫ్ అయితే 56 రోజులకు ఒక్కటే: సెప్టెంబర్ 19, 20, ఆ తర్వాత నవంబర్ 14, 15.

ఈ రొటేషన్ మంచిదా చెడ్డదా అన్న వాదన ఎక్కువగా ఇక్కడి నుంచే పుడుతుంది. సమర్థించేవాళ్లు గంటలు చూపిస్తారు. ఎనిమిది రోజుల్లో ఆరు డ్యూటీలు, 48 గంటలు. వారానికి సగటున 42. నైట్‌లు వరుసగా రెండే, వారమంతా నైట్ చేసే పద్ధతి కంటే ఒంటికి తేలిక అంటారు. ఎదుటివాళ్ల మాటలోనూ బలం ఉంది. బడి పిల్లలకు ఆదివారమే సెలవు, చుట్టాలు వచ్చేదీ ఆదివారమే, ఆరు ఆదివారాలు వరుసగా పోతే ఆ ఇంట్లో అందరూ కలిసి కూర్చుని తినే పూట ఎప్పుడని అడుగుతారు. గంటల లెక్క ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పదు.

## రైలు టికెట్ మీద పడిన ప్రభావం

రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరుచుకునే రోజుల్లో షిఫ్ట్ వాళ్లకు ఒక సౌకర్యం ఉండేది, చాలామంది గమనించి ఉండరు. 120ని ఎనిమిదితో భాగిస్తే శేషం సున్నా. అంటే ఆఫ్ నాడు పొద్దున టికెట్ తీస్తే, ప్రయాణం చేసే రోజు కూడా అదే ఆఫ్. లెక్కే అక్కర్లేదు.

2024 నవంబర్ 1 నుంచి ఆ గడువు 60 రోజులకు తగ్గింది, ప్రయాణం రోజు కాకుండా. 60లో ఏడు చుట్లు పోతే శేషం 4. ఇప్పుడు ఆఫ్ నాడు కూర్చుని 60 రోజుల తర్వాతికి తీస్తే ప్రయాణం సెకండ్ షిఫ్ట్ రోజున పడుతుంది. కాజీపేటలో తిరుపతి రైలు 7వ రోజు ఎక్కాలంటే, దాని బుకింగ్ తెరుచుకునేది 3వ రోజు. అది సెకండ్ షిఫ్ట్, డ్యూటీ రెండుకు గానీ మొదలవదు. బుకింగ్ తెరుచుకునే ఎనిమిది గంటలకు ఇంట్లోనే ఉంటారు. పాత పద్ధతిలో అదే ఎనిమిది గంటలకు నైట్ దిగి వచ్చి కళ్లు మూతలు పడుతుంటే టికెట్ తియ్యాల్సి వచ్చేది. ఒక రకంగా కొత్తదే నయం.

## ఫోన్‌లో పెట్టుకునేవాళ్లకు

స్ప్రెడ్‌షీట్ ఉంటే ఒక్క వరుస చాలు. 1వ రోజు పడిన తేదీ ఒకటి, కావాల్సిన తేదీ ఒకటి:

```
=MOD(DATE(2027,2,18)-DATE(2026,8,12),8)+1
```

జవాబు 7. చివర్లో ఉన్న +1 ఎందుకంటే శేషం 0 నుంచి 7 దాకా వస్తుంది, మన నంబర్లు 1 నుంచి 8 దాకా ఉన్నాయి. దాన్ని మరిచిపోతే అన్నీ ఒక రోజు వెనక చూపిస్తాయి. కావాల్సిన తేదీ మొదటి తేదీ కంటే ముందుదైనా ఈ ఫార్ములా సరిగ్గానే చెప్తుంది. కొన్ని ప్రోగ్రామింగ్ భాషల్లో మాత్రం శేషం మైనస్‌లో వస్తుంది, అప్పుడు దానికి ఎనిమిది కలపాలి.

తేదీని 12/08/2026 అని కొట్టకుండా DATE వాడింది కావాలనే. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే 12/08ను డిసెంబర్ 8గా చదువుకుంటుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. అలా చదివితే పెళ్లి రోజుకు 7 బదులు 1 చూపిస్తుంది. 18/02 అయితే పద్దెనిమిదో నెల ఉండదు కాబట్టి అది తేదీగా మారదు, గడిలో #VALUE! కనిపిస్తుంది. అది నయం, తప్పు బయటపడింది. తేదీ 12 లోపు ఉన్నవే మోసం చేస్తాయి.

## లెక్క ఎక్కడ ఆగిపోతుంది

సెలవు పెడితే రొటేషన్ జరుగుతుందా అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. జరగదు. రొటేషన్ గ్రూపుది, క్యాలెండర్ మీద నడుస్తుంది. నాలుగు రోజులు సెలవులో ఉండి వచ్చినవాడు తన గ్రూపు ఆ రోజున ఎక్కడుంటే అక్కడే చేరతాడు. ఎవరితోనైనా ఒక డ్యూటీ మార్చుకున్నా అంతే, ఆ ఒక్క డ్యూటీ తప్ప మిగతా నంబర్లు కదలవు. పండుగ సెలవు మధ్యలో వచ్చినా కదలవు.

కదిలేది మనిషిని ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు మార్చినప్పుడు. అప్పుడు రెండు, నాలుగు లేదా ఆరు రోజుల తేడా వస్తుంది, ఎందుకంటే గ్రూపుల మధ్య ఎప్పుడూ సరి సంఖ్యే. ఎ నుంచి బికి మారినవాడికి ప్రతి తేదీ నంబరుకూ రెండు కలుస్తుంది, ఫిబ్రవరి 17 నాడు 6 బదులు 8 పడుతుంది. పాత తేదీతో వేసిన లెక్కకూ బోర్డు మీది చార్ట్‌కూ ఒక రోజు లేక మూడు రోజుల తేడా కనిపిస్తే గ్రూపు మార్పు కారణం కాదు, మీ లెక్కే ఎక్కడో జారింది, లేదా చార్ట్‌నే కొత్తగా మొదలుపెట్టారు.

యూనిట్ ఓవర్‌హాల్‌కు ఆపినప్పుడు కొందరిని జనరల్ షిఫ్ట్‌లో వేసి, పని అయ్యాక మళ్లీ గ్రూపుల్లోకి పంపే చోట్ల పాత తేదీని పట్టుకోకూడదు. తిరిగి గ్రూపులో చేరాక మొదటి ఫస్ట్ షిఫ్ట్ ఏ తేదీన పడిందో రాసుకుని అక్కడి నుంచి కొత్తగా లెక్కించాలి. అందుకే కొందరు సీనియర్లు ఆరు నెలల ముందు లెక్కలన్నీ దండగ, అంతలో చార్టే మారుతుందంటారు. వాళ్లు చూసిన అనుభవం నిజమే. అయితే చార్ట్ మారనంతకాలం లెక్క తప్పదన్నదీ అంతే నిజం. పెళ్లికి ఆరు నెలల ముందు వేసిన జవాబును ముహూర్తానికి ముందు నెల బోర్డు మీద చార్ట్ పడ్డాక ఒకసారి సరిచూసుకుంటే, సి గ్రూపతన్ని అడగడానికి ఇంకా టైం ఉంటుంది.